‘కమ్యూనికేషన్ వీక్’ అని రాస్తే సరిపోదు

ఆరో నెల నిండడానికి పది, పదిహేను రోజుల ముందు టీమ్ లీడ్‌కి హెచ్‌ఆర్ నుంచి ఒక ఫారం వస్తుంది. మీ టీమ్‌లో కొత్తగా చేరిన ఉద్యోగి ప్రొబేషన్ ముగుస్తోంది, మీ అభిప్రాయం రాసి పంపండి అని. అందులో మార్కులు వేసే గళ్లు కొన్ని ఉంటాయి. వాటి కింద ‘రివ్యూయర్ కామెంట్స్’ అని ఒక ఖాళీ పెట్టె ఉంటుంది. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఆ పెట్టెలోకి అలవాటుగా వచ్చి పడే వాక్యాలు రెండు. ‘టెక్నికల్లీ స్ట్రాంగ్. కమ్యూనికేషన్ వీక్.’

రాసిన లీడ్ అబద్ధం చెప్పలేదు. ఆరు నెలలుగా తను చూసింది అదే. కానీ ఉద్యోగం ఖాయమవుతుందా, ప్రొబేషన్ మరో మూడు నెలలు పొడిగిస్తారా, మొత్తానికే వద్దంటారా అన్నది ఆ పెట్టెలోని మాటల మీద ఆధారపడి ఉంటుంది. ఆ రెండు వాక్యాలు చదివి హెచ్‌ఆర్ ఏ నిర్ణయానికీ రాలేదు. ఉద్యోగి ఏం మార్చుకోవాలో తెలుసుకోలేడు. మన దగ్గరైతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. ‘కమ్యూనికేషన్’ అనగానే కుర్రాడికి ఇంగ్లిష్ గుర్తొస్తుంది. నేరుగా అమీర్‌పేట వెళ్లి స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌లో చేరతాడు. మూడు నెలలు ఫీజు కట్టి గ్రామర్ నేర్చుకుంటాడు. లీడ్‌ని ఇబ్బంది పెట్టిన విషయం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, ఎందుకంటే చాలాసార్లు దానికీ ఇంగ్లిష్‌కీ సంబంధం ఉండదు.

ఇది అర్థం కావడానికి ఒక కేసు తీసుకుందాం. కల్పించిందే అయినా, ఈ రంగంలో పనిచేసేవాళ్లకి కొత్తదేమీ కాదు. ఒక పేమెంట్స్ కంపెనీ. అందులోకి జిల్లా కాలేజీలో ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు బ్యాకెండ్ డెవలపర్‌గా చేరాడు. కంపెనీకి పాత తలనొప్పి ఒకటుంది. రోజూ బ్యాంకు పంపే సెటిల్‌మెంట్ ఫైలుకీ, కంపెనీ లెక్కకీ కొన్ని లావాదేవీల తేడా వస్తోంది. ఒక రోజు తగ్గినవి మర్నాడు ఎక్కువై కనిపిస్తాయి. ఎవరికీ కారణం దొరకలేదు. ఈ కుర్రాడు మూడో నెలలో పట్టుకున్నాడు. బ్యాంకు ఫైలులో తేదీ భారత కాలమానంలో ఉంది. కంపెనీ సర్వర్ మాత్రం తేదీని యూటీసీలో, అంటే మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉన్న కాలమానంలో రాస్తోంది. దాంతో మనకు అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారి 5.30 లోపు జరిగిన ప్రతి చెల్లింపూ సర్వర్ లెక్కలో ముందు రోజు ఖాతాలో పడుతోంది. కుర్రాడు ఆ తేదీ రాసే పద్ధతిని సరిచేశాడు. తేడా పోయింది.

ఇక్కడిదాకా అంతా శభాష్ అనాల్సిందే. అయితే ఆ తేదీనే ఆధారం చేసుకుని రిపోర్టింగ్ టీమ్ రోజూ ఉదయం క్లయింటుకి ఒక లెక్క పంపుతుంది. వాళ్లు యూటీసీ తేదీని తమ ప్రోగ్రాములో అయిదున్నర గంటలు కలిపి వాడుకుంటున్నారు. కుర్రాడు మార్చిన మర్నాడు వాళ్ల లెక్కలో తేదీ రెండుసార్లు జరిగింది. సాయంత్రం ఆరున్నర తర్వాతి లావాదేవీలన్నీ మరుసటి రోజులోకి దొర్లాయి. ఆ టీమ్‌లో ఇద్దరు రోజంతా తమ కోడ్‌లో తప్పు వెతుక్కున్నారు. సాయంత్రానికి గానీ అసలు సంగతి బయటపడలేదు. “మారుస్తున్నట్టు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది కదా” అని లీడ్ అడిగితే, “టికెట్‌లో రాశాను కదా అన్నా” అన్నాడు. నిజంగానే రాశాడు. టికెట్‌లో ఉన్నది ‘డేట్ ఇష్యూ ఫిక్స్‌డ్’ అన్న మూడు మాటలు.

రెండో సంఘటన అయిదో నెలది. ఒక పనికి మూడు రోజులు పడుతుందని తనే చెప్పాడు. మొదటి రోజు మధ్యాహ్నానికే ఆగిపోయాడు. టెస్ట్ సర్వర్‌లోకి వెళ్లడానికి అతనికి అనుమతి లేదు. అది ఇప్పించాల్సింది వేరే టీమ్. వాళ్లకి ఒక రిక్వెస్ట్ పెట్టి ఎదురుచూస్తూ కూర్చున్నాడు. రోజూ ఉదయం స్టాండప్‌లో, అంటే టీమ్ అంతా నిలబడి నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం అని చెప్పుకునే పావుగంటలో, అతని నుంచి వచ్చిన జవాబు ఒక్కటే. “అయిపోవచ్చింది అన్నా.” నాలుగో రోజున విషయం తెలిసి లీడ్ ఒక ఫోన్ చేస్తే గంటలో అనుమతి వచ్చింది. గురువారం వెళ్లాల్సిన రిలీజ్ మాత్రం సోమవారానికి జరిగింది.

ఇప్పుడు ఆ ఖాళీ పెట్టె దగ్గరికి వద్దాం. ఈ కుర్రాడి గురించి ‘కమ్యూనికేషన్ వీక్’ అని రాయడమంటే ఈ రెండు సంఘటనలనూ దాచిపెట్టడమే. అతనికి భాష రాకపోవడం ఇక్కడ సమస్య కాదు. ఒకచోట, తను చేసే మార్పు ఎవరిని తాకుతుందో వాళ్లకి ముందుగా చెప్పలేదు. ఇంకోచోట, ఆగిపోయిన సంగతి ఆగిన రోజున బయటపెట్టలేదు. ఈ రెండింటికీ తెలుగైనా సరిపోయేది.

లీడ్ ముందుగా చేయాల్సింది ఇలా విడదీసి చూడటం. కమ్యూనికేషన్ అనే ఒక్క మాట కింద మనం చాలా వేర్వేరు విషయాలను కుక్కేస్తాం. చెడ్డ వార్త ఆలస్యంగా చెప్పడం ఒకటి, చేసిన పని గురించి ఎవరికీ అర్థమయ్యేలా రాయకపోవడం ఇంకొకటి, నలుగురిలో నోరు విప్పలేకపోవడం మరొకటి. ఎవరిలో ఏది ఉందో తేల్చుకోవడం కష్టమేం కాదు. ఒక గదిలో బోర్డు ముందు నిలబెట్టి, యూటీసీ తేదీ సంగతి నాకు తెలుగులో చెప్పమని అడగాలి. బొమ్మ గీసి పది నిమిషాల్లో స్పష్టంగా చెప్పాడంటే వివరించే శక్తి అతనికి ఉంది. రాసిన టికెట్లు బాగుండి క్లయింటు కాల్‌లో మాత్రం బిగుసుకుపోతున్నాడంటే అది మాట్లాడే ధైర్యానికి సంబంధించింది. అడిగితే అన్నీ చెబుతాడు, అడక్కపోతే రాతలోనూ మాటలోనూ ఏమీ రాదు అంటే లోపం అలవాటులో ఉంది. మన కుర్రాడిది ఈ మూడోదే.

కొత్తవాడు ఎందుకు దాచాడన్నది కూడా లీడ్ ఆలోచించాలి. మన బళ్లలో, కాలేజీల్లో ‘రాలేదు సార్’ అంటే తిట్లు తినడం అందరికీ అనుభవమే. ఆ అలవాటుతో వచ్చినవాడికి ‘ఆగిపోయాను’ అని చెప్పడం ఓడిపోయాను అని ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. పైగా లీడ్లు అడిగే ప్రశ్న కూడా అలాంటిదే. “డౌట్సేమైనా ఉన్నాయా?” అంటే వచ్చే జవాబు “లేవన్నా.” “అర్థమైందా?” అంటే “అయిందన్నా.” అదే “దీన్ని ఎక్కడ మొదలుపెడతావు, ఎవరి దగ్గర్నుంచి ఏం కావాలి?” అని అడిగి ఉంటే టెస్ట్ సర్వర్ అనుమతి సంగతి మొదటి రోజే మాటల్లోకి వచ్చేది. ఉద్యోగి లోపం రాసేముందు లీడ్ తన ప్రశ్నలను ఒకసారి గుర్తుచేసుకోవడం న్యాయం.

ఇక రాయడం. అమెరికాలో నార్త్ కరొలినాకు చెందిన సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే సంస్థ దీనికి తేలికైన పద్ధతి ఒకటి ప్రచారంలోకి తెచ్చింది. ఎక్కడ, ఎప్పుడు జరిగిందో ముందు చెప్పాలి. ఆ సందర్భంలో మనిషి ఏం చేశాడో, ఏం చేయలేదో కంటికి కనిపించినంత వరకే చెప్పాలి. దానివల్ల ఏం జరిగిందో చివర చెప్పాలి. మనిషి స్వభావం గురించి తీర్పు ఎక్కడా ఉండకూడదు. ఈ పద్ధతిలో మన కుర్రాడి కామెంట్ రాస్తే దాదాపు ఇలా ఉంటుంది.

‘మూడో నెలలో సెటిల్‌మెంట్ లెక్కలోని పాత తేడాకు కాలమానమే కారణమని సొంతంగా కనిపెట్టి సరిచేశారు. ఆ తర్వాత ఆ తేడా మళ్లీ రాలేదు. అయితే ఆ మార్పును విడుదల చేసేముందు రిపోర్టింగ్ టీమ్‌కి తెలియజేయలేదు. మర్నాడు క్లయింటుకి వెళ్లిన లెక్క తప్పింది, ఆ టీమ్‌లో ఇద్దరికి ఒక రోజు పని పోయింది. అయిదో నెలలో టెస్ట్ సర్వర్ అనుమతి లేక పని ఆగినప్పుడు, మూడు రోజుల స్టాండప్‌లలో ఆ సంగతి చెప్పలేదు. రిలీజ్ గురువారం నుంచి సోమవారానికి మారింది. అడిగినప్పుడు రెండు సందర్భాల్లోనూ విషయాన్ని స్పష్టంగా వివరించగలిగారు.’

ఇందులో ‘వీక్’ అన్న మాట లేదు. ‘ప్రోయాక్టివ్‌గా ఉండాలి’ అన్న ఆఫీసు మంత్రమూ లేదు. అయినా కుర్రాడికి మొదటి కామెంట్‌లో తెలియనిది దీంట్లో తెలుస్తుంది. చివరి వాక్యం అన్నిటికన్నా విలువైనది. అతనికి చెప్పడం వచ్చు, చెప్పాల్సిన సమయం తెలియడం లేదు అని హెచ్‌ఆర్‌కి ఆ ఒక్క వాక్యం చెప్పేస్తుంది. అలాగే మెచ్చుకోలు కూడా పొడిపొడిగా లేదు. ‘టెక్నికల్లీ స్ట్రాంగ్’ అని ఊరికే రాస్తే అది చేదు మందుకి ముందు పెట్టే చక్కెరలా ఉంటుంది, దాన్ని ఎవరూ నమ్మరు. ఏం కనిపెట్టాడో రాస్తే ఆ మెచ్చుకోలు కూడా రికార్డులో నిలబడుతుంది.

మనిషి మీద కాకుండా పని మీద రాయాలనడానికి గట్టి ఆధారం ఉంది. అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు, పనితీరుపై అభిప్రాయం చెప్పడం గురించి అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి విశ్లేషించి 1996లో ఫలితాలు ప్రచురించారు. సగటున చూస్తే అభిప్రాయం చెప్పడం మేలే చేసింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు మెరుగుపడకపోగా దిగజారింది. వినేవాడి ధ్యాస పని మీద నుంచి ‘నేను పనికొస్తానా, రానా’ అనే తన మీదికి మళ్లేకొద్దీ ఆ మేలు తగ్గిపోతుందని వాళ్లు తేల్చారు. ‘ఇతను ముభావి’, ‘కలుపుగోలుతనం లేదు’, ‘ఆటిట్యూడ్ ఉంది’, ‘తెలుగు మీడియం కాబట్టి’ లాంటి మాటలు చేసేది అదే. అవి చదివినవాడు మర్నాడు ఆఫీసుకొచ్చి ఏం చేయాలో వాటిలో ఎక్కడా ఉండదు. యాస గురించి అసలు రాయకూడదు. ఎదుటివాళ్లకి అర్థం కాకపోతే, ఏ కాల్‌లో ఏ విషయం అర్థం కాలేదో రాయాలి. అంతవరకే.

మార్కుల గళ్లలో మరో చిక్కుంది. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే దీన్ని గుర్తించాడు. సైన్యంలో పైఅధికారులు కిందివాళ్లకి తెలివి, శరీర దారుఢ్యం, నాయకత్వం, నడవడిక లాంటి వాటికి విడివిడిగా మార్కులు వేసినప్పుడు అవన్నీ ఒకే దిక్కుకి మొగ్గాయి. మనిషి గురించి మొత్తంగా ఏర్పడ్డ అభిప్రాయం ప్రతి గడిలోకీ పాకింది. ప్రొబేషన్ ఫారంలోనూ అంతే. మీటింగుల్లో గలగలా మాట్లాడేవాడికి ‘ప్రాబ్లమ్ సాల్వింగ్’లో ఒక మార్కు ఎక్కువ పడుతుంది. మౌనంగా ఉండేవాడికి ‘ఓనర్‌షిప్’లో, ‘టీమ్ వర్క్’లో కూడా కోత పడుతుంది. కాబట్టి ఒక్కో గడికి ఒక్కో సంఘటన రాసుకుని ఆ తర్వాతే మార్కు వేయాలి. చూపడానికి సంఘటన లేని గడిలో మార్కు తగ్గించకూడదు.

జరిగింది రాయడంతో కామెంట్ సగమే అవుతుంది. ఇక ముందు ఏం చేయాలో మిగతా సగం చెప్పాలి. అది లెక్కపెట్టగలిగేలా ఉండాలి. మన కుర్రాడికి లీడ్ పెట్టదగ్గ షరతులు రెండే. పని ఆగి సగం పూట దాటితే, ఏం ఆగిందో, ఎవరు ఏం చేస్తే కదులుతుందో అదే రోజు టికెట్‌లో రాసి లీడ్‌కి చెప్పాలి. వేరే టీమ్ వాడుకునే దేన్నైనా మార్చేటప్పుడు, విడుదలకు కనీసం ఒక రోజు ముందు ఆ టీమ్‌కి మెసేజ్ పెట్టి, చూశామన్న జవాబు తీసుకోవాలి. నలభై అయిదు రోజుల తర్వాత టికెట్లు తెరిచి చూస్తే పాటించాడో లేదో ఎవరైనా చెప్పగలరు. ‘కమ్యూనికేషన్ మెరుగైందా’ అన్న ప్రశ్నకు పది మంది పది రకాలుగా చెబుతారు. ఈ రెంటికీ అవుననో కాదనో ఒకటే జవాబు.

ఏం రాయాలో తెలియని కుర్రాడికి నమూనా కూడా ఇవ్వాలి. ‘డేట్ ఇష్యూ ఫిక్స్‌డ్’ బదులు, ‘లావాదేవీ తేదీని ఇకనుంచి భారత కాలమానంలో రాస్తున్నాం. ఈ తేదీకి అయిదున్నర గంటలు కలిపి వాడుకుంటున్నవాళ్లు బుధవారంలోగా దాన్ని తీసేయాలి. సందేహాలుంటే నన్ను అడగండి’ అని రాసి చూపిస్తే సరిపోతుంది. కోడ్ అంత శుభ్రంగా రాసేవాడికి ఇది పట్టుబడటం పెద్ద పని కాదు. నోటితో చెప్పడానికి తడబడేవాడైతే, స్టాండప్‌కి ముందే టికెట్‌లో రాసి అక్కడ దాన్ని చదవనివ్వాలి. లీడ్ ఏం చేస్తానన్నాడో కూడా అదే పెట్టెలో రాయాలి. వారానికి ఒక పావుగంట విడిగా కూర్చుంటానంటే అది కూడా రాయాలి.

నిర్ణయం దగ్గర లీడ్లు రెండు రకాలుగా తప్పటడుగు వేస్తారు. పనిమంతుడు కదా అని కామెంట్ మెత్తగా రాసి కన్ఫర్మ్ చేసేస్తారు, ఏడాది తర్వాత అదే తంటా పెద్దదై వస్తుంది. లేదంటే ఇంగ్లిష్‌లో తడబడుతున్నాడని ప్రొబేషన్ పొడిగిస్తారు. ఈ రెండోది అన్యాయం. సభలో మాట్లాడటానికి బెరుకు, ఇంగ్లిష్‌లో తడబాటు మాత్రమే ఉంటే కన్ఫర్మ్ చేసి, వాటిని వచ్చే ఏడాది లక్ష్యాల్లో పెట్టాలి. రోజూ క్లయింటుతో మాట్లాడటమే పనిగా ఉన్న ఉద్యోగమైతే లెక్క వేరు, కానీ ఆ షరతు ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే చెప్పి ఉండాలి. ఆగిన పనిని దాచడం, చెప్పకుండా మార్చడం రాతపూర్వకంగా చెప్పిన తర్వాత కూడా మారకపోతే అప్పుడు పొడిగింపు సబబు. పొడిగిస్తున్నట్టు ప్రొబేషన్ గడువు ముగియకముందే, కొత్త తేదీతో సహా, కాగితం మీద ఇవ్వాలి.

‘ముందే చెప్పాలి’ అన్నది మర్యాద కోసం అనే మాట కాదు. 1989లో డాక్టర్ సుమతి పి. షేరే కేసులో సుప్రీంకోర్టు ఇదే అంది. తాత్కాలిక పద్ధతిలో ప్రభుత్వ సర్వీసులో ఉన్న ఆ డాక్టర్‌ని పనికి తగరంటూ తొలగించారు. లోపమేమిటో ఆమెకు ముందుగా తెలియజేయలేదు. పనిలో లోపాలుంటే కనీసం అనధికారికంగానైనా ఉద్యోగికి చెప్పాలని, సకాలంలో చెబితే దిద్దుకునే వీలుంటుందని, అలా చెప్పకుండా తొలగించడం నిరంకుశమని కోర్టు తేల్చింది. 1999లో దీప్తి ప్రకాశ్ బెనర్జీ కేసులో ఇంకో అడుగు వేసింది. తొలగింపు ఉత్తర్వు పైకి సాదాగా ఉన్నా, అందులో ప్రస్తావించిన కాగితాల్లో ఉద్యోగి పేరుకు మచ్చ తెచ్చే మాటలుంటే ఆ ఉత్తర్వుకే మచ్చ అంటుతుందని చెప్పింది. ఇవి ప్రభుత్వ కొలువులు, ప్రభుత్వ సంస్థలకు సంబంధించిన తీర్పులు. ప్రైవేటు కంపెనీల్లో నియామక పత్రంలోని షరతులు, వర్తించే కార్మిక చట్టాలు ముఖ్యం. అయినా ఫారంలో రాసే ప్రతి మాటనూ రేపు ఎవరో మూడో మనిషి చదువుతాడన్న ఎరుక ప్రైవేటు లీడ్‌కీ అవసరమే.

అందుకే తెలిసిన కంపెనీల్లో ఆరో నెల దాకా ఆగరు. ముప్పై, అరవై, తొంభై రోజులకు ఒకసారి కూర్చుని మాట్లాడి, మాట్లాడింది ఒక మెయిల్‌లో రాసి పెట్టుకుంటారు. తేదీ సంగతి మూడో నెలలో జరిగింది. ఆ వారంలోనే లీడ్ పైన చెప్పిన రెండు షరతులూ రాసి ఇచ్చి ఉంటే, అయిదో నెలలో రిలీజ్ ఆగేది కాదేమో. సంఘటనలను జరిగిన వారమే తేదీతో ఒక చోట రాసి పెట్టుకుంటే మరో లాభం కూడా ఉంది. లేదంటే ఆరు నెలల రివ్యూలో చివరి మూడు వారాలే గుర్తుంటాయి.

ఈ ఫారం అందుకునే కుర్రాళ్లకి, అమ్మాయిలకి ఒక మాట. చాలా ఫారాల్లో మీకూ ఒక పెట్టె ఉంటుంది, ‘ఎంప్లాయీ కామెంట్స్’ అని. దాన్ని ఖాళీగా వదలకండి, ‘థాంక్యూ’ అని రాసి సంతకం చేసేయకండి. మీకు ‘కమ్యూనికేషన్ వీక్’ అని వస్తే, “అన్నా, ఏ రోజు ఏ పనిలో ఇబ్బందయిందో రెండు ఉదాహరణలు చెప్పండి, వచ్చే నెల ఏది ఎలా చేస్తే మారినట్టో చెప్పండి” అని నిదానంగా అడగండి. చెప్పింది చెప్పినట్టు మీ పెట్టెలో రాయండి. చెప్పింది మీకు సరికాదనిపిస్తే మీ వైపు జరిగింది కూడా తేదీతో రాయండి. సంతకం పెట్టాక ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.